సెలవు అడగని డైరెక్టరు

కంపెనీలో అందరూ ఆయన్ని కామాగారు అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఎప్పుడో ఒకసారి బోర్డు మీటింగు మినిట్స్‌లో ఒక కామా ఎగిరిపోయిందని ఛైర్మన్ సంతకాన్ని సగంలో ఆపించాడట. నిజమో కాదో ఆయనకే గుర్తులేదు గానీ పేరు మాత్రం జిగురులా అతుక్కుపోయింది. కంపెనీ సెక్రటరీకి అంతకంటే మంచి బిరుదు ఏముంటుందని ఆయన లోలోపల మురిసేవాడు కూడా.

ఆ మురిపెం ఒక ఫోనుతో పోయింది.

"సెక్రటరీగారూ," అంది అవతలి గొంతు. "నేను సెలవు ఎప్పుడు అడిగానండీ?"

ఆ గొంతు ఆయనకి పాతికేళ్లుగా తెలుసు. పాతికేళ్లుగా ఆ గొంతు ఆయన్ని 'అన్నయ్యగారూ' అనే పిలిచింది. ఇవాళే మొదటిసారి సెక్రటరీగారయ్యాడు.

"సెలవు... ఏ సెలవమ్మా?"

"మీరు పంపిన మినిట్స్ నా చేతిలో ఉన్నాయి. రెండో పేరాలో ఉంది, చదవమంటారా? 'సెలవు కోరిన డైరెక్టరుకు సమావేశం అనుమతి మంజూరు చేసింది.' ఆ డైరెక్టరు నేనే కదా. ఎవరిని కోరాను? ఎప్పుడు కోరాను? అసలు మీటింగు ఉందని నాకు ఎవరు చెప్పారు?"

ఆయన బల్ల మీది ఫైలు లాక్కుని ఆ పేరా వెతకసాగాడు. అవతల ఆమె కొంచెంసేపు ఎదురుచూసి, "సరేనండి," అని పెట్టేసింది.

ఆ కంపెనీ స్కూళ్లకీ, కాలేజీలకీ లాబొరేటరీ గాజు సామాను చేస్తుంది. బీకర్లు, ఫ్లాస్కులు, సన్నమూతి సీసాలు. వెనక షెడ్డులో గాజు కరిగించే కొలిమి ఉంది. ఆ కొలిమి ఫోనుచేసినామె భర్త కట్టించింది. ఆయన కంపెనీకి పెద్దన్న, ఛైర్మన్‌కి సొంతన్న, కామాగారికి చిన్ననాటి నేస్తం. ఆయనే కామాగారిని ఈ ఉద్యోగంలోకి లాక్కొచ్చాడు. మొన్న వానాకాలం చివర్లో, ఆస్పత్రిలో, ఎక్కువ మాట్లాడకుండానే వెళ్లిపోయాడు.

ఆమె కూడా డైరెక్టరే, పేరుకి మాత్రం కాదు. తయారైన ప్రతి గాజునూ దీపం ముందు పెట్టి, లోపల బుడగ ఉందా, గీత ఉందా అని చూసి పాస్ చేసేది ఆమె. అందుకే షెడ్డులో ఆమెకి బుడగలమ్మ అని పేరు. ఆవగింజలో సగం బుడగ ఉన్నా ఆమె కంట పడకుండా పోదని పనివాళ్లు భయంగానూ, గర్వంగానూ చెప్పుకుంటారు.

పెద్దన్న పోయాక బోర్డులో నలుగురు మిగిలారు. తమ్ముడైన ఛైర్మన్, అందరూ బావగారనే ఆ ఇంటి అల్లుడు, బయటినుంచి తెచ్చుకున్న రిటైరైన బ్యాంకు మేనేజరు, ఈమె. పెద్దన్న పోయిన నెలలోపే ఛైర్మన్ ఒక మీటింగు పెట్టించాడు. అందులో అసలు విషయం ఒక్కటే. కొలిమి ఆపేయడం. గాజు బయట కొనుక్కుని మన ముద్ర వేసి అమ్ముకోవడం. నెలాఖరుకి కొలిమి చల్లార్చాలని తీర్మానమైంది. కొలిమి అనేది పొయ్యి కాదు, ఆర్పి మళ్లీ వెలిగించడానికి. ఒకసారి చల్లారితే లోపల గాజు కరిగించే మూసలు బీటలు వారతాయి. ఆ తర్వాత అది కొలిమి కాదు, ఇటుకల గుట్ట.

ఆ మీటింగుకి నోటీసులు సిద్ధం చేసింది కామాగారే. కంపెనీ నియమావళి ప్రకారం ఏడు రోజుల ముందు, ఎజెండాతో సహా, ప్రతి డైరెక్టరుకీ పంపాలి. డైరెక్టరు వస్తాడా రాడా అన్నది లెక్కలోకి రాదు. మంచంలో ఉన్నా, దేశం కాని దేశంలో ఉన్నా పంపాల్సిందే. నాలుగు కవర్ల మీద నాలుగు పేర్లు రాశాడు. అప్పుడు ఛైర్మన్ గదిలోకి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే, "వదినకి ఇప్పుడు ఈ కాగితాలెందుకండీ. ఏడుపన్నా ఆరలేదు. వదిలేయండి పాపం," అన్నాడు.

కామాగారు ఆమె కవరు పక్కకి తీశాడు. 'పాపం' అన్న మాట ఆయనకి చల్లగా తగిలింది. నేస్తం పోయినరోజు శ్మశానం దాకా వెళ్లి వచ్చాడంతే. ఆ తర్వాత ఆ ఇంటి గడప తొక్కలేదు. వెళితే ఏమనాలో తెలియదు. కవరు పంపితే ఆమె ఫోన్ చేస్తుంది, చేస్తే 'ఎలా ఉన్నావమ్మా' అనాలి. ఆ గండం తప్పింది. మిగతా ముగ్గురికే పోయాయి నోటీసులు. ముగ్గురూ వచ్చారు. మీటింగు నడవాలంటే కనీసం ఉండాల్సిన మంది, అంటే కోరం, ముగ్గురు. సరిగ్గా సరిపోయింది.

మినిట్స్ రాయడానికి కూర్చున్నప్పుడు చెయ్యి తనంతట తనే నడిచింది. హాజరైనవారు వీరు. రానివారు వీరు. రానివారి కింద ఎప్పుడూ రాసే వాక్యం ఒకటుంటుంది, సెలవు కోరారు, ఇచ్చాము అని. ఏళ్ల తరబడి రాసీ రాసీ అరిగిపోయిన వాక్యం. రాసేశాడు. ముసాయిదా మినిట్స్ డైరెక్టర్లందరికీ, వచ్చినవారికీ రానివారికీ పంపాలన్నది ఇంకో నియమం. ఆ నియమం మాత్రం తు.చ. తప్పకుండా పాటించాడు. నోటీసు వెళ్లని ఇంటికి మినిట్స్ వెళ్లాయి.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య కంచం పెడుతూ, "ముఖం అలా ఉందేం?" అంది.

చెప్పాడు. చెబుతూ చెబుతూ, "ఆవిడని ఇబ్బంది పెట్టకూడదనే కదా," అని చేర్చాడు.

"ఇబ్బంది పెట్టొద్దని ఆవిడ అడిగిందా?"

"అడగలేదు."

"నేను రెండుసార్లు వెళ్లొచ్చాను వాళ్లింటికి. రెండుసార్లూ 'అన్నయ్యగారు రాలేదేం' అంది. పనుందన్నాను. మీ కోసం నేను అబద్ధమాడాను." గరిటె గిన్నెలో పెట్టి, "మొహం చూపించలేక కవరు ఆపారు. దానికి దయ అని పేరు పెట్టుకున్నారు. తినండి, చల్లారిపోతుంది," అంది.

ఆయన తిన్నాడు. ఏం తిన్నాడో తెలియలేదు.

మర్నాడు ఛైర్మన్ గదికి వెళ్లి నిలబడ్డాడు. "ఆ మీటింగు చెల్లదండి," అన్నాడు.

ఛైర్మన్ నవ్వాడు. "ఎలా చెల్లదు? ముగ్గురం ఉన్నాం. కోరం ముగ్గురే అని మీరే లేచి చెప్పారు."

"చెప్పానండి. కోరం ఉంది. కానీ కోరం అంటే కనీసం ఎంతమంది ఉంటే మాట్లాడుకోవచ్చు అన్న లెక్క. పిలవకపోవడానికి అది మందు కాదు. పందిరి నిండా జనం ఉన్నారు కదా అని పెళ్లికూతురికి కబురు చెప్పకుండా ముహూర్తం కానిచ్చేస్తామా?"

"సామెతలు బానే చెబుతున్నారు. ఆ రోజు చెప్పాల్సింది."

"చెప్పాల్సిందేనండి," అన్నాడు కామాగారు.

ఛైర్మన్ గొంతు తగ్గించాడు. "చూడండి, వదిన నాతో ఫోన్లో అన్నట్టు రాద్దాం. రాలేనంది అని. ఇంట్లో మనిషే కదా, కాదంటుందా?"

"అన్నారా అండీ?"

ఛైర్మన్ బల్ల మీది గాజు గోళాన్ని అటూ ఇటూ దొర్లించాడు. అన్న చేసిచ్చిందే అది.

"అనకపోతే రాయలేనండి. ఇప్పటికే ఒకటి రాశాను. అదే నా మెడకి చుట్టుకుంది. ఇంకా మినిట్స్ మీద మీ సంతకం పడలేదు కాబట్టి సరిదిద్దే వీలుంది. కొత్తగా మీటింగు పిలుద్దాం, నలుగురికీ నోటీసిచ్చి. అప్పటిదాకా కొలిమి ముట్టుకోకూడదు."

"ముట్టుకుంటే?"

"ఆపమని చెప్పిన తీర్మానమే నిలబడదు కదండీ. ఎవరి మాట మీద ఆపినట్టు?"

ఛైర్మన్ గోళాన్ని పక్కకి తోసేశాడు. చివరికి "పిలవండి," అన్నాడు, పంటి నొప్పి ఉన్నవాడిలా.

ఈసారి ఆమె నోటీసు కామాగారు చేత్తో పట్టుకుని వెళ్లాడు. గేటు దగ్గర రెండుసార్లు ఆగాడు. తలుపు ఆమే తీసింది. గదిలో నేస్తం కుర్చీ అలాగే ఉంది, దాని మీద ఉతికిన బట్టల మూట.

"ఎలా ఉన్నానో కనుక్కోడానికి వచ్చారా, కాగితం ఇవ్వడానికా?"

రెండూ అని చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "కాగితం ఇవ్వడానికేనమ్మా," అన్నాడు.

ఆమె ఆయన వంక ఒకసారి చూసి, ముట్టినట్టు సంతకం పెట్టి ఇచ్చింది. కూర్చోమనలేదు. ఆయన కూర్చోలేదు.

మీటింగురోజు బ్యాంకు మేనేజరు నడుం పట్టేసిందని కబురు పంపాడు. ఛైర్మన్, బావగారు, ఆమె. మళ్లీ ముగ్గురే. ఆమె తన కుర్చీలో కాక, భర్త కూర్చునే కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది.

"కోరం ఉందండి," అన్నాడు కామాగారు. ఎన్నో ఏళ్లుగా అంటున్న మాటే. ఆవేళ ఆమె వంక చూడకుండా అన్నాడు.

ఛైర్మన్ కాగితం చూసి చదివాడు. "గత సమావేశానికి సంబంధించి, ఒక డైరెక్టరుకు పొరపాటున నోటీసు అందలేదని..."

"ఆగు," అంది ఆమె. మరిదిని ఏకవచనంలోనే పిలుస్తుంది. "అందలేదా, పంపలేదా?" ప్రశ్న ఛైర్మన్‌కి కాదు. ఆమె చూస్తున్నది బల్ల చివర పెన్ను పట్టుకుని ఉన్న మనిషిని.

"పంపలేదమ్మా," అన్నాడు కామాగారు.

"పొరపాటా?"

బావగారు మంచినీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు.

"కాదు. కవరు మీద మీ పేరు రాసింది నేనే. పక్కకి తీసిందీ నేనే. మిమ్మల్ని ఇబ్బంది పెట్టొద్దని ఛైర్మన్‌గారు అన్నారు. కానీ పంపే బాధ్యత నాది, పంపాలని తెలిసిన మనిషినీ నేనే."

"సెలవు మాట?"

"మీరు అడగలేదు. అలవాటు కొద్దీ రాశాను."

ఆమె రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "ఆయన పోయాక ఈ కంపెనీ నుంచి మా ఇంటికి ఒక్క మనిషి రాలేదు. నువ్వూ రాలేదు, బావగారూ రాలేదు. సరే, మీ తీరికలు మీవి. కంపెనీ నుంచి మొదట వచ్చింది ఒక కాగితం. అందులో ఏముంది? నేను సెలవు అడిగానట. మీరు ఇచ్చారట. ఆయన కొలిమి ఆపేస్తుంటే నేను సెలవులో ఉన్నానట."

ఛైర్మన్ చెవులు ఎర్రబడ్డాయి. "వదినా, నేను నీ మంచికే..." అని మొదలుపెట్టి, ఆ వాక్యం ఎక్కడికి వెళ్తుందో తనకే తెలియక వదిలేశాడు.

అదే సమయానికి బావగారి జేబులో ఫోను మోగింది. బతికానురా దేవుడా అన్నట్టు లేచి తలుపువైపు నడిచాడు.

"బావగారూ," అన్నాడు కామాగారు. "మీరు ఆ గడప దాటితే మీటింగు ఆగిపోతుందండి. కోరం మొదట్లో ఉంటే చాలదు, నిర్ణయం తీసుకునేటప్పుడు కూడా ఉండాలి."

"అంటే నేను బాత్రూంకి కూడా వెళ్లకూడదా?"

"వెళ్లొచ్చండి. మీరు వచ్చేదాకా మేం తీర్మానం జోలికి పోకుండా కూర్చుంటాం."

"నా బతుక్కి ఇంత విలువ మా ఇంట్లో కూడా లేదయ్యా," అని గొణుక్కుంటూ బావగారు ఫోను నొక్కేసి మళ్లీ కూలబడ్డాడు. మామూలు రోజైతే నవ్వేవారు.

ఆమె అడిగింది. "అయితే నేను లేచి వెళ్లినా అంతేనా?"

"అంతేనమ్మా. మీరు లేస్తే ఇద్దరే. మీటింగు లేదు."

ఛైర్మన్ ఆమె కుర్చీ వంక భయంగా చూశాడు. ఆమె కదల్లేదు. "లేవను. నన్ను లేనిదాన్ని చేసి రాశారు. ఉన్నానని రాయించుకోడానికే వచ్చాను. కానివ్వండి."

పాత ముసాయిదాలో సెలవు వాక్యం కొట్టేశారు. దాని బదులు ఆమె రాలేదని, ఆమెకి నోటీసు పంపలేదని రాశారు. ఆ మీటింగు నియమం ప్రకారం పిలిచింది కాదు కాబట్టి అందులోని నిర్ణయాలు అమలు చేయరాదని, ఈ ఎజెండాలో లేని కొలిమి విషయం నలుగురికీ నోటీసిచ్చి మళ్లీ తేవాలని తీర్మానించారు. 'పొరపాటున' అన్న మాట ఉంచితే బాగుంటుందేమోనని ఛైర్మన్ నసిగాడు. "మీ మీద కూడా మాట రాదు కదా," అన్నాడు కామాగారితో, నిజంగా మంచి మనసుతోనే. కామాగారు తల అడ్డంగా ఊపి, సెక్రటరీ చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాడు. తన గురించి తనే, మూడో మనిషి గురించి రాసినట్టు.

మళ్లీ నోటీసులు, మళ్లీ ఏడు రోజులు. ఈసారి నలుగురూ వచ్చారు. బ్యాంకు మేనేజరు నడుముకి బెల్టు కట్టుకుని మరీ వచ్చాడు.

ఆమె ఎక్కువ మాట్లాడలేదు. ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. బయటి నుంచి నమూనాకి తెప్పించిన ఫ్లాస్కులవి. ఒక్కొక్కటీ కిటికీ వెలుతురులోకి ఎత్తి, "ఇదిగో బుడగ. ఇదిగో గీత. మంట మీద పెడితే ఇక్కడ పగులుతుంది. పిల్లల మొహం మీద పగులుతుంది. దీని మీద మన ముద్ర వేస్తారా?" అంది. పెట్టెలో ఉన్నవాటిలో సగానికి పైగా పక్కకి పెట్టేసింది.

బ్యాంకు మేనేజరు ఒకటి చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు పైకెత్తి చూశాడు. "ఇది పోయినసారి మాకెవరూ చెప్పలేదే," అన్నాడు.

"చెప్పే మనిషి లేదు కదండీ," అంది ఆమె.

ఏడాది పాటు కొలిమి నడపాలని, ఆ షెడ్డు బాధ్యత ఆమెకే ఇవ్వాలని బ్యాంకు మేనేజరే ప్రతిపాదించాడు. బావగారు సరేనన్నాడు. ఛైర్మన్ ఒప్పుకోలేదు. తన అసమ్మతి, దాని కారణం మినిట్స్‌లో ఉండాలన్నాడు. కామాగారు పొల్లుపోకుండా రాసుకున్నాడు. అది ఛైర్మన్ హక్కు. తీర్మానం నెగ్గింది.

కానీ రాస్తున్నంతసేపూ ఒకటే మాట కామాగారి గుండెలో దిగబడుతూనే ఉంది. ఆమె ఆ పెట్టెతో మొదటి మీటింగుకే వచ్చి ఉంటే ఇదంతా ఆనాడే తేలిపోయేది. ఆమె ఫోను ఒక్కటి రాకపోయి ఉంటే ఈపాటికి షెడ్డులో ఇటుకల గుట్ట ఉండేది. బ్యాంకు మేనేజరూ బావగారూ ఒప్పుకోవడానికి కావలసింది చూపించి చెప్పే ఒక్క మనిషి. ఆ మనిషి రాకుండా చూసింది తను.

మధ్యాహ్నం షెడ్డు మీదుగా వెళ్తుంటే కొలిమి దగ్గరి పెద్ద పనివాడు గాజు ఊదే గొట్టం పక్కన పెట్టి ఎదురొచ్చాడు. ఊదీ ఊదీ బుగ్గలు సాగిపోయిన మనిషి. మిగతావాళ్లూ చుట్టూ మూగారు.

"కామాగారూ!" అన్నాడు, మొహం మీదే. ఇన్నాళ్లూ వెనకాలే అన్న పేరు. "మీరే గనక లేకపోతే మా కొలిమి చల్లారిపోయేదటండీ. రూలంటే రూలని ఛైర్మన్‌గారికి ఎదురు నిలిచారట. బావగారు చెప్పారు."

"కాదయ్యా," అన్నాడు కామాగారు. "నేను సరిగ్గా ఉంటే మీకు ఈ భయమే పట్టేది కాదు. ఆవిడకి నోటీసు పంపనిది నేనే."

వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని ఫక్కున నవ్వారు. "చూశారా, పెద్దమనుషులంటే ఇలాగే ఉంటారు. చేసింది చెప్పుకోరు, చెయ్యనిది నెత్తినేసుకుంటారు," అన్నాడు పెద్ద పనివాడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

"నిజమేనయ్యా నేను చెప్పేది..."

"మీరూరుకోండి బాబూ!"

షెడ్డు ఆ చివర, దీపం ముందు ఆమె కూర్చుని ఉంది. చేతిలో ఒక బీకరు. ఈ మాటలన్నీ ఆమెకి వినపడే దూరమే. కామాగారు ఆమెవైపు చూశాడు. ఆమె ఒక్క మాట అంటే చాలు, ఈ చప్పట్లు ఆగుతాయి. అనాలనే ఆయన కోరుకున్నాడు.

ఆమె తలెత్తి ఆయన్ని చూసింది. కోపం లేదు, జాలి లేదు. చూసి, ఏమీ అనకుండా, చేతిలోని బీకరుని మళ్లీ వెలుతురుకి ఎత్తింది.

పెద్ద పనివాడు ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపుతున్నాడు. ఆ చేతులు కొలిమి వేడికి కాలుతున్నట్టున్నాయి. ఆయన తన చేతిని వెనక్కి తీసుకోలేక, అలాగే ఉంచాడు.